పక్క స్థలంలో గొయ్యి, మన గోడలో పగులు, నెల అద్దె

(వార్డు సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై సంవత్సరాలు ఇతరుల ఇళ్ళు కట్టించే పనిలో సైట్ సూపర్‌వైజరుగా గడిపాను. నేను మాత్రం ఈనాటికీ అద్దె ఇంటిలోనే కాపురం ఉంటున్నాను. అందుచేత ఈ విషయాన్ని గోడకు ఇరుప్రక్కల నుండీ చూచినవాడినని చెప్పుకోవచ్చును. మన చెన్నపట్నంలో పాత ఇళ్ళు కూల్చి, అదే స్థలంలో నాలుగైదు అంతస్తులు లేపని వీధి నేడు లేదు. కట్టేవారికి అనుమతి ఉన్నది. పక్క ఇంటి యజమానికి స్థలం ఉన్నది. ఆ ఇంటిలో అద్దెకున్నవారికి ఉన్నది ఒక్క నెలవారీ రసీదు మాత్రమే. దుమ్ము, చప్పుడు, పగులు మూడూ మొదట అనుభవించేది వారే. నేడు నేను వారిని గూర్చియే మాట్లాడదలచాను. వారు యజమానిని కొంతకాలం అద్దె తగ్గించమని అడుగదలచినపుడు ఎలా అడగాలి, ఎలా అడగకూడదు అన్నంత వరకే నా ప్రసంగం.

రెండేళ్ళ క్రిందట జరిగిన ఒక సంగతితో మొదలుపెడతాను. పేర్లు అనవసరం. మా వీధికి రెండు వీధుల అవతల, ముప్పై అయిదేళ్ళ నాటి ఇటుక ఇంటి క్రింది పోర్షనులో ఒక తల్లి, ఆమె అత్తగారు, ఇద్దరు పిల్లలు ఉంటున్నారు. నెలకు అద్దె 15,000 రూపాయలు. ఆమె ఇంటిలోనే పిల్లలకు ట్యూషన్లు చెప్పి జీవిస్తున్నది. అత్తగారికి ఉబ్బసం. జనవరిలో పక్క ఇల్లు కూల్చారు. ఫిబ్రవరిలో గొయ్యి తవ్వకం మొదలైంది. మార్చి 4వ తేదీన పక్క గది గోడపై పగులు కనబడింది. ఆమె ఫోన్‌లో ఫొటో తీసి యజమానికి పంపింది. ఆయన వయసు మళ్ళినవారు, ఆ అద్దెతోనే జీవనం గడుపుకొనేవారు. "అమ్మా, ఆ గొయ్యి నేను తవ్వించలేదు గదా, నన్నేం చేయమంటారు?" అని సమాధానమిచ్చారు. ఆమెకు కోపం వచ్చింది. వచ్చిన కోపంలో ఫిబ్రవరి, మార్చి అద్దెలలో నెలకు 5,000 రూపాయలు తానే కోసి, మిగిలిన 10,000 మాత్రమే పంపింది. ఏప్రిల్ మొదటి వారంలో వకీలు నోటీసు వచ్చింది. అందులో దుమ్ము లేదు, పగులు లేదు. 10,000 రూపాయల అద్దె బకాయి ఉన్నది, ఇల్లు ఖాళీ చేయాలి అని మాత్రమే ఉన్నది.

ఆమె ఆ నోటీసు పట్టుకొని మా ఇంటికి వచ్చింది. "అన్నయ్యా, తప్పు పక్కవాళ్ళది, బాధ నాది, బకాయిదారు కూడా నేనేనా?" అని అడిగింది. నేను జవాబు చెప్పడానికి కొంచెం తడబడ్డానని ఒప్పుకోవాలి. చట్టం చూస్తే ఆ మాటలో ఆఖరి భాగం నిజమే.

ఇక్కడ మన పరిస్థితిని ఉన్నదున్నట్లుగా తెలుసుకోవాలి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, అద్దె సక్రమంగా చెల్లించేవారు ఆటంకం లేకుండా ఇంటిని అనుభవించేటట్లు యజమాని హామీ ఇచ్చినట్లే లెక్క. వినడానికి ఈ మాట చాలా ధైర్యంగా ఉంటుంది. అయితే ఆ ఇంటిపై ఏ హక్కూ లేని పరాయివారు కలిగించే ఆటంకానికి ఆ హామీ వర్తించదు. సంబంధం లేని పొరుగువాడు గొయ్యి తవ్వితే అందుకు యజమాని పూచీ పడడు. కనుక పక్కన కట్టడం జరుగుతున్నదన్న ఒక్క కారణంగా అద్దె తగ్గించి ఇచ్చే హక్కు మనకు లేదు. మనం అడగవచ్చును, ఆయన ఒప్పుకోవచ్చును, అంతవరకే. ఒప్పుకోకముందే కోసుకొంటే అది బకాయి అవుతుంది. తమిళనాడు అద్దె చట్టం 2017లో వచ్చి 2019 ఫిబ్రవరి నుండి అమలులో ఉన్నది. దాని ప్రకారం కూడా బకాయి ఇల్లు ఖాళీ చేయించడానికి ఒక కారణం. అయితే నోటీసు అందిన నెలలోపల బకాయి అంతా చెల్లిస్తే ఆ కారణం నిలవదు. అందుచేత మొదట చేసిన పని, ఆమె చేత ఏప్రిల్ 10వ తేదీన ఆ 10,000 రూపాయలూ యజమాని ఖాతాకు పంపించడం. ఆమెకు అది ఓటమిలా తోచింది. పిల్లల బడి రుసుము కోసం దాచిన సొమ్ము అది.

బకాయి తీరిన తరువాతనే అసలు మాట మొదలవుతుంది. దుమ్ము, చప్పుడు, పగులు ఒకే చోటి నుండి వచ్చినా, ఆ మూడింటికీ జవాబు చెప్పవలసినవారు వేరు వేరు. మూడింటినీ కలిపి ఒకే ఫిర్యాదుగా యజమాని ముందు పెట్టడం వల్లనే ఆయన "నన్నేం చేయమంటారు" అని తప్పించుకోగలిగారు.

చప్పుడు సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను. కేంద్ర ప్రభుత్వపు 2000 నాటి శబ్ద నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు హద్దు. రాత్రి అంటే పది గంటల నుండి ఉదయం ఆరు వరకు. 2010లో వాటికి చేర్చిన ఒక నియమం మనకు మరింత అక్కరకు వస్తుంది. శబ్దం చేసే నిర్మాణ యంత్రాలను నివాస ప్రాంతాలలో రాత్రి వేళ వాడనే కూడదు. దీనికి కొలత అక్కరలేదు, గడియారం చాలును. ఫోన్‌లోని డెసిబెల్ ఆప్‌లు ఒక్కొక్క ఫోన్‌లో ఒక్కొక్క అంకె చూపుతాయి, వాటిని నమ్ముకోవద్దు. "తేదీ ఫలానా, రాత్రి 11-20కి కాంక్రీటు మిక్సరు నడిచింది" అని వ్రాసిన ఒక్క పంక్తికే ఎక్కువ బలం. పోలీసులకు చెప్పవలసిన మాట అదే. పగటి చప్పుడును మాత్రం పూర్తిగా ఆపించడం సాధ్యం కాదు. అది వేళలను గూర్చి మేస్త్రీతో మాట్లాడుకోవలసిన సంగతి. ఆమె ట్యూషన్ వేళ సాయంత్రం అయిదు నుండి ఏడు. ఆ రెండు గంటలు బ్రేకరు ఆపమని అడిగితే మేస్త్రీ వారంలో నాలుగు రోజులైనా ఆపించాడు.

దుమ్ము విషయం నగరపాలక సంస్థకు చెప్పుకోవలసినది, 1913 నంబరుకు. "దుమ్ము వస్తున్నది" అని చెబితే వినేవారికి ఏమి చేయాలో తోచదు. 2018లో వచ్చిన కేంద్ర నియమాలు పనిచోట ఏమి ఉండాలో చెప్పాయి. గాలిని అడ్డే తెర, ఇసుకకూ మట్టికీ కప్పు, నీళ్ళు చల్లడం ఉండాలి. ఆరుబయట రాళ్ళూ పలకలూ కోయకూడదు. వీటిలో ఏది లేదో దానిని పేర్కొని ఫిర్యాదు చేయాలి. "తూర్పు వైపు తెర లేదు, టైల్స్ ఆరుబయట కోస్తున్నారు" అంటే వచ్చిన అధికారి చూడవలసినది ఏమిటో ఆయనకు తెలుస్తుంది. పనిచోట అనుమతి వివరాల పలక పెట్టి ఉంటే దాని ఫొటో, అందులోని అనుమతి సంఖ్య ఫిర్యాదుకు జత చేయాలి. కూల్చివేత నెలలో దుమ్ము అన్నింటికన్నా ఎక్కువ. గొయ్యి తవ్వేటప్పుడు కొంత తగ్గుతుంది. చివర టైల్స్ కోసేటప్పుడు మళ్ళీ పెరుగుతుంది. దుమ్ము ఎప్పుడూ ఒకే తీరున ఉండదన్న ఈ సంగతి అద్దె లెక్కలో మనకు అక్కరకు వస్తుంది.

ఇక పగులు. దీని మీద కొంచెం నిదానంగా మాట్లాడాలి.

నేను ఆ ఇంటికి వెళ్ళి చూచినపుడు, వీధి గోడ నుండి పక్క స్థలం వైపు సాగిన అడ్డగోడలో, కిటికీ పై మూల నుండి కప్పు వరకు ఏటవాలుగా ఒక పగులు ఉన్నది. క్రింద సన్నగా, పైన వెడల్పుగా ఉన్నది. గోడ రెండవ వైపు చూస్తే అదే చోట అదే పగులు. ఈ మూడు గుర్తులూ కలిస్తే అది సిమెంటు పూత ఎండి చిట్లిన పగులు కాదు. పూత పగుళ్ళు సాలెగూడులా నలువైపులా అల్లుకొంటాయి, గోడ రెండవ ప్రక్కకు పోవు. ఇక్కడ గోడ ఒక కొన క్రిందికి దిగినది. దిగిన కొన ఏదో పగులే చెబుతున్నది. పైన వెడల్పుగా ఉన్నదంటే గోడ కొన అవతలి వైపుకు, అంటే గొయ్యి వైపుకు వాలుతున్నదని అర్థం.

ఎందుకు వాలుతుంది? ఆ ఇంటి పునాది నాలుగు అడుగుల లోతు. పక్క గొయ్యి పది అడుగులు. అంటే గొయ్యి అడుగు పునాది కన్నా ఆరు అడుగులు క్రిందికి పోయింది. మా పనివాళ్ళలో ఒక మోటు లెక్క ఉన్నది. పునాది అడుగు కన్నా ఎన్ని అడుగులు లోతుకు పోతావో, అడ్డుకట్టు ఏదీ లేకుంటే పునాదికి కనీసం అన్ని అడుగుల దూరంలో ఉండు అని. అక్కడ దూరం అయిదు అడుగులే. అడ్డుకట్టు లేదు. గొయ్యిలో ఊరిన నీటిని పంపుతో తోడి మురుగుకాలువలోకి వదులుతున్నారు. ఆ నీరు తేటగా ఉంటే అంత భయం లేదు. అక్కడ మాత్రం బురదగా వస్తున్నది. బురద నీరంటే పక్క స్థలం క్రింది మట్టి కూడా ఆ నీటితో పాటు వెళుతున్నదని. ఎవరైనా మీ పక్కన గొయ్యి తవ్వుతుంటే పంపు నీటి రంగు చూడండి. దానికి ఏ ఇంజినీరూ అక్కరలేదు.

ఆమె మార్చిలో తీసిన ఫొటో మంచిదే. అయితే అందులో పగులు ఎంత వెడల్పో తెలియదు. ఫొటోలో పగులు ప్రక్కన కొలబద్ద ఉండాలి. కొలబద్ద లేకపోతే కాగితం, ఏటీఎం కార్డు చాలును. మామూలు తెల్ల కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు. ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటరు. ఏప్రిల్ 7వ తేదీన ఆ పగులులో కార్డు సరిగ్గా దూరింది. పగులు రెండు కొనల దగ్గర పెన్సిలుతో గీత గీసి తేదీ వేశాము. పగులుకు అడ్డంగా ఒక సన్నని గాజు పలక ముక్కను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో రెండు వైపులా అతికించాము. గోడ కదిలితే పగులు సాగదీయక గాజు ముందు విరుగుతుంది. ఏప్రిల్ 16వ తేదీ ఉదయం అది విరిగింది. ఆనాటికి పగులులో రెండు కార్డులు కలిపి దూరుతున్నవి. పెన్సిలు గీత దాటి పగులు నాలుగు అంగుళాలు సాగింది.

పగులు ఒక మిల్లీమీటరు లోపే ఉండి కదలకుండా ఆగితే, అది పని ముగిసిన తరువాత పూత వేసుకోదగినది. అయిదు మిల్లీమీటర్లు దాటినా, తలుపులు బిగిసి మూసుకోకపోయినా, నేల ఒక వైపు వాలినట్లు అనిపించినా అది అద్దె తగ్గింపు మాట కాదు. పిల్లలను తీసుకొని బయటకు వచ్చి, నగరపాలక ఇంజినీరును పిలిపించవలసిన మాట. మనకు అక్టోబరు నుండి డిసెంబరు వరకు వానలు. వానల ముందు గొయ్యి పూడకపోతే ప్రమాదం ఎక్కువ. ఆ సమయంలో ఈ గుర్తులను రోజూ చూడాలి.

ఆమె దగ్గర ఇప్పుడు ఉన్నవి ఒక నోటు పుస్తకంలో తేదీలు, కొలతలు, కార్డుతో తీసిన ఫొటోలు, విరిగిన గాజు ముక్క. ఇవి ఎవరికి అక్కరకు వస్తాయి? ఆమెకు కన్నా యజమానికి ఎక్కువ అక్కరకు వస్తాయి.

గోడ ఆయనది. పక్క స్థలంవారి మీద నష్టపరిహారం అడగగలిగినది ఆయన. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం, ఒక కట్టడం పక్క స్థలపు మట్టి ఆనికను 20 సంవత్సరాలు అడ్డులేకుండా అనుభవిస్తే ఆ ఆనికపై దానికి హక్కు ఏర్పడుతుంది. ఆయన ఇల్లు ముప్పై అయిదేళ్ళది. అంటే ఆ గొయ్యివారు ఆయన హక్కును తవ్వుతున్నారు. అయితే ఆయన ఉండేది వేరే పేటలో. గోడ ఎప్పుడు పగిలింది, ఎంత సాగింది, పంపు నీరు ఏ రంగున వచ్చింది అన్నవి ఆయనకు తెలిసే మార్గం లేదు. ఆ సాక్ష్యం అంతా అద్దెకున్న ఆమె గోడ మీదే ఉన్నది. ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లోనే ఇంకొక మాట ఉన్నది. యజమాని హక్కులలో ఎవరైనా జోక్యం చేసుకొంటున్నారని తెలిస్తే, అద్దెదారు ఆలస్యం చేయక యజమానికి తెలియజేయాలి. ఇది అద్దెదారు విధి. అనగా ఆమె వ్రాసే ఉత్తరం ఫిర్యాదు మాత్రమే కాదు, చట్టం ఆమె మీద పెట్టిన బాధ్యతను నెరవేర్చడం కూడా. ఈ కోణం నుండి వ్రాసిన ఉత్తరానికీ, "మీ ఇంటిలో ఉండలేకపోతున్నాను, అద్దె తగ్గించండి" అన్న ఉత్తరానికీ చాలా తేడా ఉన్నది. మొదటిది చదివిన యజమాని ఆమె ప్రక్కన నిలబడతాడు.

ఆ తరువాత ఎంత తగ్గించమనాలి అన్న ప్రశ్న. నోటికి వచ్చిన అంకె చెబితే బేరం అవుతుంది. ఆమె మొదట కోసిన 5,000 అటువంటి అంకెయే. మేము గదులు కొలిచాము. వీధి గది 120 చదరపు అడుగులు, గొయ్యి వైపు గది 130, వంటగది 70, వెనుక గది 80, మొత్తం 400. చదరపు అడుగుకు అద్దె 37 రూపాయల 50 పైసలు. గొయ్యి వైపు గది వాటా 4,875 రూపాయలు. ఆ గదిలో పగలంతా కూర్చోలేరు, రాత్రి పడుకోగలరు. కనుక సగం అడగడం న్యాయం, 2,437. దానిని 2,400 చేశాము. అది గొయ్యి నడిచినంత కాలం. గొయ్యి పూడి స్తంభాలు లేచే దశలో కంపనం, బురద పోతాయి, చప్పుడు ఉంటుంది. ఆ కాలానికి అందులో సగం, 1,200. చివరి శ్లాబు పోసిన తరువాత ఏమీ లేదు. టైల్స్ కోత దుమ్మును నగరపాలక సంస్థ ద్వారానే సరిచేయించుకొంటామని వ్రాశాము. ట్యూషన్ పిల్లలు ఇద్దరు మానివేసిన నష్టాన్ని కూడా కలపమని ఆమె అడిగింది. నేను వద్దన్నాను. యజమాని అద్దెకిచ్చినది ఇంటిని, ఆమె వృత్తిని కాదు. ఆ అంకె చేరిస్తే మిగిలిన అంకెలన్నీ బలహీనపడతాయి. ఆమె కొంత నొచ్చుకొన్నది. నేను చెప్పినది సరియైనదే అని నేటికీ నా అభిప్రాయం.

తగ్గింపునకు తేదీలు పెట్టలేదని గమనించండి. "జూన్ 30 వరకు" అని వ్రాస్తే, పని ఆలస్యమైనపుడు మనం నష్టపోతాము, త్వరగా ముగిసినపుడు యజమాని నష్టపోతాడు. గొయ్యి పూడడం, చివరి శ్లాబు పోయడం ఇద్దరికీ కంటికి కనబడేవి, తగవుకు తావు లేనివి.

ఏప్రిల్ 17వ తేదీన పంపిన ఉత్తరం ఇలా ఉన్నది:

"అయ్యా, నమస్కారం. పక్క స్థలంలో ఫిబ్రవరి నుండి తవ్వుతున్న గొయ్యి కారణంగా తమ ఇంటి అడ్డగోడలో మార్చి 4న పగులు కనబడినది. ఏప్రిల్ 7న అది సుమారు 0.8 మిల్లీమీటరు, ఏప్రిల్ 16న సుమారు 1.5 మిల్లీమీటర్లు. గోడకు అడ్డంగా అతికించిన గాజు 16న విరిగినది. గొయ్యి నుండి తోడే నీరు బురదగా ఉన్నది. తేదీలతో ఫొటోలు జతపరచాను. ఇది తమ ఆస్తికి సంబంధించినది గనుక తెలియజేయడం నా విధి. తాము ఇంజినీరును తీసుకొని వస్తే చూపడానికి నేను ఏ వేళనైనా సిద్ధం. అద్దె బకాయి ఏదీ లేదు. గొయ్యి వైపు గదిని పగలు వాడుకోలేకపోతున్నందున, గొయ్యి పూడే వరకు నెలకు 2,400, అటుపిమ్మట చివరి శ్లాబు వరకు నెలకు 1,200 రూపాయలు తగ్గించవలసిందిగా కోరుతున్నాను. ఒప్పందంలోని 15,000 రూపాయల అద్దెలో మార్పు లేదు. తాము సమ్మతించే వరకు పూర్తి అద్దె చెల్లిస్తూ ఉంటాను."

చివరి రెండు వాక్యాలను కొట్టివేయమని ఆమె పట్టుపట్టింది. వాటి వల్లనే ఉత్తరం పని చేసిందని నా నమ్మకం. అసలు అద్దె మారలేదని తెలిసినందున, తరువాత తాను ఆ 15,000ను కోల్పోనన్న నమ్మకం యజమానికి కలిగింది. పూర్తి అద్దె వస్తుందన్నందున వకీలు నోటీసుకు పని లేకపోయింది.

ఆయన రెండు రోజులకే వచ్చారు. పగులు ముందు చాలాసేపు నిలబడ్డారు. "మా నాన్నగారు కట్టించిన గోడమ్మా ఇది" అని మాత్రం అన్నారు. తరువాత కూర్చొని లెక్క చూచారు. 2,400 కాదు, 2,000 అన్నారు. 1,200 కాదు, 1,000 అన్నారు. ఫిబ్రవరి నుండే లెక్క వేస్తానని ఆయనే అన్నారు. ఆ మాట మేము అడగలేదు. కనుక ఏప్రిల్ అద్దెలో ఆ నెల తగ్గింపు 2,000, వెనుకటి రెండు నెలలవి 4,000 పోగా 9,000 రూపాయలు చెల్లించింది. ఒక కాగితంపై ఈ నిబంధనలు వ్రాసి ఇద్దరూ సంతకాలు చేశారు. వాట్సాప్‌లో "సరే" అన్న ఒక్క మాటతో ఆగిపోవద్దని నా మనవి. ఆ నెల నుండి డబ్బు పంపేటప్పుడు, ఇది ఒప్పుకొన్న తగ్గింపు పోగా చెల్లించిన పూర్తి అద్దె అని తెలిసేలా ఆమె ఒక పంక్తి చేర్చడం అలవాటు చేసుకొన్నది.

యజమాని ఆ ఫొటోలు తీసుకొని ఒక స్ట్రక్చరల్ ఇంజినీరు నివేదిక వ్రాయించుకొని, కట్టేవారికి నోటీసు పంపారు. వారు మొదట ఒప్పుకోలేదు. పాత ఇల్లు, పాత పగులు అన్నారు. అప్పుడు పెన్సిలు గీతలు, తేదీలు, విరిగిన గాజు చూపవలసి వచ్చింది. మిగిలిన తవ్వకాన్ని కొద్ది కొద్ది ముక్కలుగా చేసి, తవ్విన ముక్కకు వెంటనే కాంక్రీటు అడ్డుగోడ పోశారు. పంపు నీరు తేటపడింది. జూన్ చివరకు గొయ్యి పూడింది. పగులు 2 మిల్లీమీటర్ల దగ్గర ఆగింది. గోడ మరమ్మతు ఖర్చు కట్టేవారు భరించారు. అద్దె తగ్గింపు మాత్రం వారు ఇవ్వలేదు, అది యజమాని జేబు నుండే పోయింది. ఫిబ్రవరి నుండి జూన్ వరకు అయిదు నెలలకు 10,000, తరువాత చివరి శ్లాబు వరకు ఎనిమిది నెలలకు 8,000.

ఒకవేళ యజమాని ఒప్పుకోకపోతే? పగులు మరమ్మతు చేయించనంటే మార్గం ఉన్నది. కట్టడపు గట్టిదనానికి సంబంధించిన మరమ్మతులు, వేరే ఒప్పందం లేకపోతే, తమిళనాడు చట్టం ప్రకారం యజమాని బాధ్యత. వ్రాతపూర్వకంగా కోరినా చేయించకపోతే అద్దెదారు చేయించుకొని, ఖర్చును నెల అద్దెలో సగానికి మించకుండా మినహాయించుకోవచ్చును. ఇది ఖర్చు చేసిన మరమ్మతుకే వర్తిస్తుంది, అసౌకర్యానికి కాదు. కదులుతున్న గోడకు మరమ్మతు చేయించడం డబ్బు వృథా కూడా. గొయ్యి పూడి, గాజు విరగకుండా రెండు మూడు నెలలు నిలిచిన తరువాతనే పూత వేయించాలి. కేవలం దుమ్ము, చప్పుడు మాత్రమే ఉండి యజమాని తగ్గించనంటే, మనకు మిగిలినవి పైన చెప్పిన ఫిర్యాదులు, లేదా ఒప్పందం ప్రకారం నోటీసు ఇచ్చి ఇల్లు మారడం. దీనికన్నా గట్టి మార్గం ఉన్నదని చెప్పి మిమ్మల్ని పొగడ్తల చెట్టు ఎక్కించలేను. రెంట్ అథారిటీ ముందుకు వెళ్ళదలచినవారు తమ అద్దె ఒప్పందం వ్రాతలో ఉన్నదా, నమోదైనదా అన్నది ముందుగా చూచుకోవాలి. నోటి మాట ఒప్పందాలతో అక్కడికి వెళ్ళినవారు చాలా చిక్కులు పడతారు.

ఆ ఇంటి సంగతి ముగిస్తాను. మరుసటి ఫిబ్రవరిలో చివరి శ్లాబు పోశారు. ఆ వారమే ఆమె యజమానికి ఒక పోస్టు కార్డు వ్రాసింది: శ్లాబు పోసినారు, మార్చి నుండి 15,000 చెల్లిస్తాను అని. గాజు పలక రెండవది ఆ గోడకు ఇంకా అతికే ఉన్నది. పూత వేసేటప్పుడు మేస్త్రీ దానిని తీసివేయబోతే, యజమాని వద్దన్నారట.